సింగారి ముందు చదవగల మాటలు

కూర్మారావు గుమస్తాతో దేవమణి సిస్టరు పడిన తగువును రేచలమ్మ కళ్ళారా చూసింది. నలభై ఏళ్ళ కిందటి మాట. కొండ కింద మిషన్ ఆస్పత్రిలో రేచలమ్మ అప్పుడు వార్డు ఆయా. ఆ ఉదయం గుడారి ఊరికి పైనున్న కొండల్లోంచి డోలీ మీద దింపిన ఒక మనిషి ఆడపిల్లను కంది. పుట్టుక పుస్తకంలో తల్లి పేరు రాసే గడిలో కూర్మారావు ‘కొండ మనిషి’ అని రాసి, సంతకం పెట్టమని పుస్తకాన్ని దేవమణి ముందుకు తోసేడు.

“పేరేది?” అంది దేవమణి.

“ఆళ్ళ పేర్లెవడు రాస్తాడు సిస్టరూ? నోరు తిరగదు. ఈ మాట సాలు, తెల్సిపోద్ది.”

దేవమణి గొంతు పెంచలేదు. గొంతు చించుకునేవాళ్ళు తగువులో సగం ముందే ఓడిపోతారని రేచలమ్మకు ఆ రోజే తెలిసింది. సిస్టరు పుస్తకాన్ని చంకన పెట్టుకుని, కూర్మారావును వెంట రమ్మని, బిడ్డను పక్కలో వేసుకుని పడుకున్న ఆ తల్లి మంచం దగ్గరికి నడిచింది.

“ఇక్కడ నిలబడి, ఈవిడ మొహం చూస్తూ, నువ్వు రాసింది పైకి చదువు. చదవగలిగితే సంతకం పెడతాను.”

కూర్మారావు పుస్తకం చూసేడు, మంచం చూసేడు, గోడ చూసేడు. ఆ మనిషి నీరసంగానే కళ్ళు విప్పి అతణ్ణి చూసింది. అయిదు అక్షరాల మాట అతని నోట్లోంచి రాలేదు. చివరికి గీత గీసి కొట్టేసి, “పేరేటమ్మా?” అని అడిగేడు. ఆవిడ చెప్పింది. సింగారి. సింగారి కడ్రక.

అదీ దేవమణి. విజయనగరం అవతల పల్లెలో బడిపంతులు కూతురు. నర్సు చదువు ముగించి, ఒక ట్రంకు పెట్టె, ఒక బైబిలు పట్టుకుని రాయగడలో రైలు దిగింది. రెండేళ్ళుండి వెళ్ళిపోదామనుకున్న మనిషి మళ్ళీ తిరుగు రైలెక్కలేదు. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకు “నైట్ డ్యూటీ ఉంది” అని చెప్పేది. ముప్పయ్యేళ్ళు అదే జవాబు. కొండల్లో ఆడే దేసియా మాట, ఒడియా మాట రోగుల దగ్గరే నేర్చుకుంది. అన్నం తిన్నావా అని కొండమనుషుల్ని వాళ్ళ మాటలోనే అడిగేది.

నాలుగో తరగతిలో బడి మానేసిన రేచలమ్మకు చదువు కూడబలుక్కోవడం నేర్పింది కూడా ఆవిడే. సాయంత్రాలు మందు సీసాల మీది కాగితాలు చదివించేది. తప్పు చదివితే, “తప్పు” అనేది కాదు. “ఇక్కడ ఆగు, మళ్ళీ చూడు” అనేది. పక్క బట్ట పరవడం నేర్పినప్పుడూ అంతే. నీకు పని రాదు అని ఏనాడూ అనలేదు. ముడత మీద వేలు పెట్టి, “ఇది రాత్రంతా వీపుకి గుచ్చుకుంటాది” అనేది. వేలు ముడత మీదే ఉండేది. మనిషి మీదికి వచ్చేది కాదు.

ఇద్దరూ రిటైరై ఏళ్ళయింది. రైలు క్వార్టర్ల వెనక వీధిలో ఎదురెదురు వాటాలు. మూడేళ్ళ కిందట దేవమణి గొంతులో పుండు లేచింది. విశాఖపట్నంలో కరెంటు వైద్యం చేయించేరు. పుండు పోయింది. పోతూ పోతూ గొంతులో సగం పట్టుకుపోయింది. ఇప్పుడు మాట్లాడితే గాలితో కలిసిన బొంగురు శబ్దం వస్తుంది, పది మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకోవాలి. చర్చిలో పాట అందుకుంటే గుమ్మం దాకా వినిపించిన గొంతది.

ఆ నవంబరులో చర్చి స్త్రీల సమాజం వార్షికోత్సవం పెట్టుకున్నారు. ముఖ్య అతిథి మినతి కడ్రక. ఆ ఉదయం సింగారికి పుట్టిన ఆడపిల్లే. ఇప్పుడు కోరాపుట్‌లో నర్సింగ్ ఆఫీసరు. పసిపిల్లల సంరక్షణ మీద తెలుగులోనే మాట్లాడతానంది. సమాజం కార్యదర్శి పద్మకుమారి ఇంటికొచ్చి, “సిస్టరమ్మగారూ, అతిథిని సభకి పరిచయం చెయ్యాల్సింది మీరే. మూడే నిమిషాలు. తర్వాత భోజనాలున్నాయి” అని చెప్పి వెళ్ళింది.

దేవమణి నాలుగు రోజులు కూర్చుని రాసింది. రాసిన కాగితాలు పట్టుకుని రేచలమ్మ వాకిట్లోకి వచ్చింది. మొహంలో పండగ ఉంది.

“అక్కా, నా గొంతుతో నాకే వినబడదు. నువ్వు పైకి చదువు. ఎలా ఉందో చెప్పు.”

రేచలమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. నాలుగు కాగితాలు, రెండు వైపులా. కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది.

“‘అంధకార లోయలలో, అజ్ఞానపు పొరలలో మగ్గుచున్న కొండజాతి గర్భమునుండి దేవుని అపార కృపవలన పైకెత్తబడి, మిషనువారి ప్రేమపూర్వక సేవలవలన వెలుగులోనికి నడిపింపబడి…’ ఓలమ్మ! ఇదెక్కడాగుద్ది సిస్టరమ్మా?”

“చదువు, చదువు.”

చదివింది. మొదటి కాగితమంతా ఆస్పత్రి కట్టిన కథ. రెండోదానిలో దాన్ని నడపడానికి దొరసాని వచ్చిన కథ. మూడోదానిలో పుట్టుక పుస్తకం తగువు, అందులో దేవమణి అన్న మాటలన్నీ. నాలుగో కాగితం అడుగున మినతి వచ్చింది. ‘తన జాతిలో మొట్టమొదటి నర్సు’ అని ఒక వాక్యం, ‘బరంపురంలో విద్యనభ్యసించి’ అని ఒక వాక్యం, ఆపైన ప్రార్థన.

రేచలమ్మ నాలుక రేచలమ్మ మాటే వినే రకం కాదు.

“పరిసెయమంటే పెసంగమనుకున్నావేటి? ఇది యినీసరికి వొండిన అన్నం సద్దన్నమైపోద్ది. పెళ్ళికూతురు పేరు సెప్పకుండా పెళ్ళిమేళం నాలుగూళ్ళు తిప్పేవు. ఏటీ బాగోలేదు, అంతా తీసీ!”

దేవమణి మొహంలో పండగ ఆరిపోయింది. కాగితాలు తీసుకుని, అంచులు సరిచేసి, నాలుగు మడతలు పెట్టి, చెంగు కింద దాచుకుని ఎదురువాటాలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపలి నుంచి దగ్గు వినిపించింది. తలుపు తీసి లేదు.

మర్నాడు పొద్దున్న రేచలమ్మ సంచి పుచ్చుకుని బజారుకెళ్ళింది. కొండల నుంచి దిగిన ఆడవాళ్ళు చీపురుకట్టలు వరసగా నిలబెట్టి అమ్ముతున్నారు. కిందటి సాయంత్రం తానన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. సద్దన్నం, పెళ్ళిమేళం. రెండూ బాగా పేలిన మాటలే, వాటికి మురిసిపోవడం కూడా ఆమెకు గుర్తే. కాని ఆ మాటల్లో దేవమణి చేతికి దొరికేది ఏముంది? ‘ఏటీ బాగోలేదు’ అంటే ఎక్కడ దిద్దుకుంటుంది? ముడత ఎక్కడుందో చూపకుండా మంచమే తిరగేసింది.

ముడతలున్నాయి. అవి మాత్రం అబద్ధం కాదు. అన్నిటికన్నా పెద్దది మొదటి వాక్యంలోనే ఉంది. మాటల గాంభీర్యం చూసి నిన్న అది తనకూ కనపడలేదు. ఇప్పుడు చీపుర్ల ముందు కూర్చున్న ఆ ఆడవాళ్ళను చూస్తే కనపడింది. అంధకార లోయ. అజ్ఞానపు పొర. చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్ళంతా అలాగే మొదలుపెడతారు. చీకట్లోంచి వెలుగులోకి అంటారు. ఎవరికి వాళ్ళు తమ సంగతి చెప్పుకుంటే అది సాక్ష్యమే. ఇంకొకరి తల్లిగర్భం గురించి చెబితే ఏమవుతుంది? కూర్మారావు రాసిన మాటే కదా, కాస్త బైబిలు చొక్కా తొడుక్కుని వచ్చింది!

రేచలమ్మ సంచి నింపకుండానే ఇంటిదారి పట్టింది. దేవమణికి ఈ మాట చెప్పడమంటే, నీ జీవితంలో గెలిచిన తగువును నీ చేత్తోనే ఓడగొట్టుకుంటున్నావని చెప్పడం. చెప్పకపోతే ఆదివారం ఆ సభలో మినతి తల వంచుకుంటుంది. ఏది ఎక్కువ దెబ్బ?

మధ్యాహ్నం చోడి అంబలి గిన్నె పట్టుకుని ఎదురువాటా తలుపు తట్టింది.

“నా నోటికి సీపురుకట్ట ఏసీ సిస్టరమ్మా. నిన్న తిట్టేను గాని సెప్పలేదు. ఆ కాయితాలివ్వు. ఈసారి పెన్సిలు పట్టుకుని సదువుతాను.”

“తిట్టడానికి ఇంకేటి మిగిలింది?” అంది దేవమణి. అయినా కాగితాలు తీసింది.

“ముందడుగుతాను. ఇది యిన్నాక సభలో ఉన్నోళ్ళకి ఏటి తెలియాలని నీకుంది?”

దేవమణి ఊపిరి తీసుకుంది. “మినతి ఎవరో తెలియాలి. పసిపిల్లల సంగతి ఆ పిల్ల చెప్తే ఎందుకు వినాలో తెలియాలి. అంతే.”

“సరే. అదట్టుకుని సూద్దాం. గడియారం నువ్వు సూడు.”

రేచలమ్మ మొదటి నుంచి చదివింది. నాలుక తడబడిన చోటల్లా పెన్సిలుతో చుక్క పెట్టింది. ఊపిరి చాలక ఆగిన చోట చిన్న గీత పెట్టింది. ‘ప్రేమపూర్వక’ దగ్గర చుక్క, ‘నడిపింపబడి’ దగ్గర చుక్క, మొదటి వాక్యంలోనే అయిదు. మూడో కాగితంలో ఒక చోట మాత్రం చుక్క లేకుండా ఏడు వరసలు నడిచింది. అక్కడ మినతి కాదు, సింగారి డోలీ దిగిన సంగతి ఉంది.

“ఇదిగో, ఇది నాలిక మీద పెరుగులా జారింది. ఇది నువ్వు మాటాడినట్టే రాసేవు. సుక్కలున్న సోట పుస్తకం మాటాడతంది. నీ గొంతిప్పుడు పొడుగు మాట మొయ్యలేదు సిస్టరమ్మా. పొట్టి మాటలైతే మోస్తాది. టయిమెంతయింది?”

“పన్నెండు నిమిషాలు.”

“నేను నత్త నడక నడిసేను, నాదో రెండు తీసీ. పది. నీకిచ్చింది మూడు.”

దేవమణి గడియారం వైపే చూస్తూ ఉండిపోయింది. “ఆస్పత్రి కథ తియ్యాలంటావు.”

“మంచి కథే. మన కథ. ఆ పిల్లది కాదు. పుట్టుక పుస్తకం తగువూ అంతే. అది నేను వొందమందికి సెప్పేను, సచ్చీదాకా సెప్తాను. కాని ఆ తగువులో పెద్దమనిషివి నువ్వు. ఆదివారం పెద్దమనిషి మినతి.”

దేవమణి చేత్తో నోరు తుడుచుకుంది. ఆ మాట గుచ్చుకుంది. అయినా వేలు ముడత మీదే ఉందని ఆవిడకు అర్థమైంది. మూడో కాగితాన్ని విడిగా తీసి బైబిల్లో పెట్టుకుంది.

“ఇంకోటి. జాతిలో మొట్టమొదటి నర్సు అని రాసేవు. ఎవరు సెప్పేరు?”

“అందరూ అంటారు.”

“అందరూ కూర్మారావు మంచోడని కూడా అన్నారు. అడుగుదాం.”

ఫోను రేచలమ్మ చేసింది, దేవమణికీ వినబడేట్టు స్పీకరు పెట్టి. మినతి డ్యూటీ దిగి బస్సు కోసం చూస్తోంది.

“నమస్తే ఆంటీ! సిస్టరమ్మ ఎలా ఉన్నారు?”

“పక్కనే ఉన్నాది. నీ గురించి నాలుగు మాటలు రాసింది, నిజమో కాదో నిన్నే అడుగుతున్నాం. మీవోళ్ళలో మొదటి నర్సువి నువ్వేనా?”

అవతల నవ్వు. “అయ్యో, కాదు ఆంటీ. నాకన్నా ముందు ఎంతోమంది ఉన్నారు. మా ఊళ్ళో మొదటిదాన్ని, అంతవరకు నిజం.”

“సదువు బరంపురమేనా?”

“కాదు, కోరాపుట్. తర్వాత విశాఖలో ఆరేళ్ళు చేశాను, తెలుగు అక్కడే బాగా వచ్చింది. ఇప్పుడు ఎనిమిదేళ్ళుగా పసిపిల్లల వార్డులో ఉన్నాను. నెల తక్కువ పిల్లలు, బరువు తక్కువ పిల్లలు.”

“నిన్ను సదివించిందెవరమ్మీ? మిషనోళ్ళా?”

“హాస్టలు మిషన్ వాళ్ళది. మిగతా అంతా అమ్మ. కొండచీపుర్లు కోసి, కట్టలు కట్టి, గుడారి సంతకి మోసేది. ఆ సంగతి చెప్తే నాకు ఇష్టమే ఆంటీ. అమ్మ కూడా వస్తోంది ఆదివారం. తెలుగు బాగానే అర్థమవుతుంది ఆమెకి.”

“మీ ఇంటిపేరు ఓసారి పలుకు, మాకు తప్పు రాకుండా.”

మినతి రెండుసార్లు పలికింది. రేచలమ్మ రెండుసార్లూ వెంట అంది. దేవమణి పెదాలు కూడా చప్పుడు లేకుండా కదిలాయి. రేచలమ్మ ఫోను పెట్టేసింది. అవతల గూడ్సు బండి ఒకటి పోతోంది. అది పోయేదాకా రేచలమ్మ ఆగింది. ఈ మాట బండి చప్పుడులో చెప్పకూడదు.

“సిస్టరమ్మా, ఒక్కటే మిగిలింది. నేను సెప్పను. నువ్వే సూడు.”

పీటను లాగి దేవమణికి ఎదురుగా వేసింది.

“ఇక్కడ సింగారి కూకున్నాదనుకో. ఆమె మొహం సూస్తూ నీ మొదటి వాక్యం సదువు. బొంగురైనా పర్లేదు.”

దేవమణి కాగితం అందుకుంది. “అంధకార లోయలలో…” అంది. ఊపిరి తీసుకుంది. “అజ్ఞానపు…”

కళ్ళు కాగితం మీంచి లేచి ఖాళీ పీట మీద ఆగాయి. కూర్మారావు చూసినట్టే గోడ వైపు చూసింది. తర్వాత మాట రాలేదు. ఊపిరి చాలకపోవడం కాదది. గొంతు బాగున్న రోజుల్లో అయినా ఆ మాట వచ్చేది కాదని రేచలమ్మకు తెలుసు.

“నేనే రాసేను,” అంది దేవమణి. “నా చేత్తో రాసేను అక్కా.”

“మన చర్చిలో అందరూ అలాగే రాస్తారు. సెయ్యి అలవాటున పోయింది, నువ్వు కాదు పోయింది. నువ్వు ఆపీసేవు కదా. కూర్మారావు కొట్టీడానికి గంట పట్టింది.”

దేవమణి ఏడవలేదు. ఏడ్చే రకం కాదు, ఏడిస్తే గొంతు మూసుకుపోతుంది కూడా. పెన్సిలు అందుకుని మొదటి వాక్యానికి అడ్డంగా ఒక గీత గీసింది. నిదానంగా, ఒక చివర నుంచి రెండో చివర దాకా.

“నువ్వు రాసీకూడదేటి, నాకన్నా బాగా తెలిసినట్టుంది,” అంది.

“నేను రాస్తే తిట్లుంటాయి. మాట నీది. ముడత సూపడమే నా పని.”

ఆ సాయంత్రమూ, మర్నాడూ దేవమణి రాసింది. రేచలమ్మ చదివింది. ఒకచోట ‘పేదరాలైన తల్లి’ అని వచ్చింది. పీట వైపు చూసుకుని దేవమణే కొట్టేసింది. ఒకచోట రేచలమ్మ చుక్క పెడితే దేవమణి ఒప్పుకోలేదు. “ఇది నాకిష్టం, ఉంటాది” అంది. ఉంచారు. శనివారం పొద్దుటికి ఒక్క కాగితం, ఒకవైపే మిగిలింది. గడియారంలో రెండు నిమిషాల నలభై సెకన్లు.

‘మన అతిథిది గుడారి పైన కొండ ఊరు. ఆమె తల్లి సింగారి కడ్రక గారు. కొండచీపుర్లు కట్టి, సంతకు మోసి, కూతురిని చదివించారు. ఆ ఊరికి ఈమె మొదటి నర్సు. కోరాపుట్‌లో చదివారు. విశాఖలో ఆరేళ్ళు పనిచేశారు. ఎనిమిదేళ్ళుగా నెల తక్కువ పిల్లల్ని చూస్తున్నారు. అరచేతిలో పట్టేంత పిల్లల్ని అమ్మల చేతికి ఇస్తున్నారు…’ అలా నడిచి, చివర ‘మినతి కడ్రక గారు మాట్లాడతారు, వినండి’ అని ముగిసింది. అరచేతి మాట దగ్గరే రేచలమ్మ చుక్క పెట్టింది, అదే దేవమణి ఉంచుకుంది.

“ఏటైనా ఉందా?” అంది దేవమణి.

రేచలమ్మ మళ్ళీ ఒకసారి పైకి చదివింది. చుక్క పెట్టాల్సిన చోటు దొరకలేదు. ఆ కారణంగా కొంచెం చిన్నబుచ్చుకుంది కూడా.

“ఏటీ లేదు. బాగున్నాది. సింగారి పక్కన నేను కూకుని యింటాను.”

దేవమణి తానే ఒకసారి చదవబోయింది. రెండో వాక్యానికి గొంతు పూర్తిగా పోయింది. నీళ్ళు తాగింది. మళ్ళీ మొదలుపెట్టింది. ‘సింగారి’ అన్న మాట గాలిగా పోయింది, ఎదురుగా ఉన్న రేచలమ్మకే అందలేదు. మూడోసారి ప్రయత్నించలేదు. కాగితాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది, ఒకప్పుడు వార్డులో దుప్పటి సాపు చేసినట్టు.

“ఆ పేరు ఆ పుస్తకంలోకెక్కిన రోజు గదిలో ముగ్గురమే విన్నాం,” అంది, ఒక్కొక్క మాటకూ ఊపిరి కూడగట్టుకుంటూ. “రేపు అందరికీ వినబడాలి. నా గొంతుతో అవదు.”

“పద్మకుమారికి సెప్తాను. ఆ పిల్ల గొంతు మైకు లేకపోయినా…”

“పద్మకుమారి కాదు.”

రేచలమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది.

“నీకు మతిపోయిందేటి? నాలుగో తరగతిదాన్ని! నేను మైకు ముందెప్పుడైనా నిలబడ్డానా? నవ్వుతారు సిస్టరమ్మా.”

“నాలుగు రోజులు నువ్వే చదివేవు. ఇందులో నీ నాలిక తెలియని మాట ఒక్కటి లేదు.” దేవమణి కాగితాన్ని రేచలమ్మ చేతిలో పెట్టి వేళ్ళు ముడిచింది. “తడబడితే ఆగు, మళ్ళీ చూడు. తొందరపడకు. కడ్రక దగ్గర మాత్రం తప్పు రానీయకు. సభ వైపు చూడక్కర్లేదు. సింగారి ముందు వరసలో ఉంటాది, ఆమె మొహం చూస్తూ చదువు.”